కొండ ఎక్కిన వేగం, దిగిన వేగం

(తిరుపతి దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనకాల వాళ్ళకి వినబడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

నా చేతిలో ఉన్న ఈ చిన్న కాగితం చూడండి. పోయిన నెల మనవడి పుట్టువెంట్రుకలకి కొండకి వెళ్ళాం. అలిపిరి టోల్ గేటు దగ్గర డబ్బు కడితే ఇచ్చిన రసీదు ఇది. జేబులోనే ఉండిపోయింది. మీలో కొండకి పోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉండరులే, ఈ ఊళ్ళో పుట్టి కొండకి పోకుండా ఎట్లా. అయితే ఈ రసీదు మీద టైము ఎందుకు వేస్తారో ఎప్పుడైనా అడిగారా?

(ఒక విద్యార్థి: ఫాస్టుగా పోకూడదని సార్.)

అదీ. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి. దిగడానికి కనీసం 40 నిమిషాలు. అంతకంటే ముందే అవతలి గేటుకి చేరితే స్పీడుగా వచ్చినట్టు లెక్క. మా బండి అలిపిరిలో 9:10కి దాటింది. అంటే 9:38 లోపల పైన కనబడకూడదు. ఇక్కడ ఒక వింత గమనించండి. గేటు దగ్గర ఉన్నాయన మన బండి స్పీడు ఎప్పుడూ చూడలేదు. మీటరు చూడలేదు, కెమెరా గురి పెట్టలేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక గడియారం. రోడ్డు పొడవు ఎలాగూ మారదు కాబట్టి గడియారం ఒక్కటే ఉన్నా వేగం తెలిసిపోతుంది. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించడమేగా.

మరి ఆ 28 నిమిషాలంటే ఎంత వేగమో తేలుద్దాం. కొండకి రెండు ఘాట్ రోడ్లున్నాయి. పాతది 1944లో వచ్చింది, చాలా ఏళ్ళు ఎక్కడానికీ దిగడానికీ అదొక్కటే. రెండోది 1974లో వచ్చింది. ఇప్పుడు కొత్త దాంట్లో ఎక్కుతాం, పాత దాంట్లో దిగుతాం. ఎక్కే రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, దిగే రోడ్డు సుమారు 19. ఈ రోజు మన లెక్కకి సరిగ్గా 18, సరిగ్గా 19 అనుకుందాం. 18 కిలోమీటర్లు 28 నిమిషాల్లో పోతే గంటకి ఎన్ని కిలోమీటర్ల వేగం? నోట్సులో వేయండి. రెండు నిమిషాలు టైమిస్తాను.

(కాసేపు ఆగారు.)

సరే, ఎవరైనా చెప్పండి. నువ్వు చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: 64 సార్.)

64. ఎట్లా వచ్చింది?

(విద్యార్థిని: 18ని 0.28తో భాగించాను సార్.)

భయపడకు, నువ్వు ఒక్కదానివే కాదు. ఈ వరసలోనే ఇంకో నలుగురు అదే రాసి ఇప్పుడు రబ్బరు తీస్తున్నారు, నాకు కనబడుతోంది. (నవ్వులు.) ముప్పై ఏళ్ళుగా పేపర్లు దిద్దాను, వేగం లెక్కల్లో నేను ఎక్కువగా ఎర్ర సున్నా చుట్టింది దీనికే. 28 నిమిషాలని 0.28 గంట అనుకోవడం. రూపాయికి వంద పైసలు, మీటరుకి వంద సెంటీమీటర్లు, అందుకని అన్నిటికీ వందే అని చెయ్యి అలవాటు పడిపోయింది. గంటకి నిమిషాలు 60. రెండున్నర గంటలని 2:30 అని రాస్తాం, అది గడియారం రాత. లెక్కలో పెట్టేటప్పుడు 2.5 అవ్వాలి. 28 నిమిషాలంటే గంటలో 60 భాగాలకి 28 భాగాలు.

సూత్రం కంటే ముందు కంటితో ఒక అంచనా కట్టండి, 64 తప్పని అక్కడే తెలిసిపోతుంది. 28 నిమిషాలంటే ఇంచుమించు అరగంట. అరగంటలో 18 కిలోమీటర్లు పోయిన బండి గంటలో 36 పోతుంది. మన బండి అరగంట కంటే రెండు నిమిషాలు ముందే చేరింది కాబట్టి 36 కంటే కాస్త ఎక్కువ రావాలి. 64 ఎక్కడ, 36 ఎక్కడ? ఆ మలుపుల్లో 64తో పోతే లెక్క చెప్పడానికి మనం మిగలం. ఇప్పుడు సరిగ్గా వేద్దాం. 18ని 28తో భాగిస్తే నిమిషానికి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది, దాన్ని 60తో గుణిస్తే గంటకి ఎన్నో వస్తుంది. 18 × 60 = 1080. 1080 ÷ 28 = 38.57. సుమారు 38.6 అనుకుందాం. 36 కంటే కాస్త ఎక్కువ అన్నాం, సరిపోయిందా?

దిగేది ఇంకా తేలిక. 40 నిమిషాలంటే రెండు ఇరవై నిమిషాలు. 40 నిమిషాల్లో 19 కిలోమీటర్లు అయితే 20 నిమిషాల్లో తొమ్మిదిన్నర. గంటలో అలాంటివి మూడు. తొమ్మిదిన్నర మూళ్ళు ఇరవై ఎనిమిదిన్నర. గంటకి 28.5 కిలోమీటర్లు. కాగితం కూడా అక్కర్లేదు. దిగేటప్పుడు నెమ్మదిగా ఎందుకు పొమ్మంటారని ఎవరైనా అడుగుతారేమో, ముందే చెప్పేస్తాను. పల్లంలో బండి దానంతట అదే పరిగెత్తుతుంది, ఆపడానికి బ్రేకు తొక్కుతూనే ఉండాలి, తొక్కేకొద్దీ బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి.

ఇక ఈ రోజు నేను వచ్చిన పని. ఎక్కేటప్పుడు 38.6, దిగేటప్పుడు 28.5. పోనూ రానూ కలిపి సగటు వేగం ఎంత? పైన దర్శనానికి పట్టిన టైము వదిలేయండి, రోడ్డు మీద బండి ఉన్న టైమే తీసుకోండి.

(చాలామంది ఒకేసారి: రెండూ కలిపి సగం చేయాలి సార్!)

చేయండి. 67.1, అందులో సగం 33.5 పైన కొంచెం. ఇదేనా సమాధానం? ఇప్పుడు వేరే దారిలో చూద్దాం. మొత్తం ఎంత దూరం తిరిగాం? 18, 19 కలిపి 37 కిలోమీటర్లు. మొత్తం ఎంతసేపు? 28, 40 కలిపి 68 నిమిషాలు. 37 × 60 = 2220. దాన్ని 68తో భాగిస్తే 32.6.

(ఒక విద్యార్థి: ఒక కిలోమీటరు కూడా తేడా లేదు కదా సార్, ఏదైనా ఒకటే.)

భలే అడిగావు. కిటికీ పక్క అబ్బాయేనా? నిజమే, ఇక్కడ తేడా చిన్నది. తప్పు చిన్నదిగా ఉన్నప్పుడే దొరక్కుండా తప్పించుకు తిరుగుతుంది. దాన్ని కొంచెం పెద్దది చేసి చూద్దాం. కొండ నుంచి దిగి మీ సైకిళ్ళ దగ్గరికి వస్తాను.

ఒక అబ్బాయి ఇల్లు బడికి 6 కిలోమీటర్లు. పొద్దున వచ్చేటప్పుడు దారంతా పల్లం, గంటకి 12 కిలోమీటర్ల వేగంతో వస్తాడు. సాయంత్రం అదే దారి ఎగుడు, పైగా ఎదురుగాలి, గంటకి 6 కిలోమీటర్లే పోగలడు. సగటు వేగం? రెండూ కలిపి సగం చేస్తే 9. మొత్తం దూరం, మొత్తం కాలం దారిలో పోదాం. పొద్దున 6 కిలోమీటర్లకి 12 వేగంతో అరగంట. సాయంత్రం 6 కిలోమీటర్లకి 6 వేగంతో గంట. 12 కిలోమీటర్లు, గంటన్నర. 12 ÷ 1.5 = 8.

తొమ్మిదా, ఎనిమిదా? ఏది నమ్మాలి? 9 నిజమైతే ఆ అబ్బాయి గంటన్నరలో పదమూడున్నర కిలోమీటర్లు పోయి ఉండాలి. తొమ్మిదికి సగం నాలుగున్నర, కలిపితే పదమూడున్నర. కానీ అతని దారి మొత్తం 12 కిలోమీటర్లే. ఆ మిగతా కిలోమీటరున్నర ఎక్కడ తొక్కాడు? ఎక్కడా తొక్కలేదు. కాబట్టి 9 అబద్ధం. మీ సమాధానం సరైందో కాదో మీరే పట్టుకోవాలంటే ఇదే పద్ధతి. వచ్చిన సగటు వేగాన్ని మొత్తం కాలంతో గుణించి చూడండి, మొత్తం దూరం తిరిగి రావాలి. రాకపోతే ఎక్కడో కాలు జారినట్టు.

ఇంతకీ ఎందుకు 9 కాదు? ఇది బోర్డు మీద గీస్తాను. (సుద్దముక్క చప్పుడు.) ఇది పొడవాటి పట్టీ. గంటన్నర మొత్తం ఇందులో ఉంది. దీన్ని అరగంట అరగంటకి మూడు గళ్ళు చేస్తున్నాను. మొదటి గడిలో ఏ వేగం రాయాలి? 12. రెండో గడిలో? 6. మూడో గడిలో? అదీ 6. సైకిల్ ఆ కుర్రాడికి 12 వేగంతో ఒక్క గడే ఇచ్చింది, 6 వేగంతో రెండు గళ్ళు తినేసింది. మూడు గళ్ళకీ సగటు చూడండి. 12, 6, 6 కలిపితే 24, మూడుతో భాగిస్తే 8.

మీరు 12, 6 కలిపి సగం చేసినప్పుడు నెమ్మదిగా పోయిన వేగానికి ఒకే గడి ఇచ్చారు. దానికి రెండు గళ్ళు రావాలి. దూరం సమానమే, అందులో అనుమానం లేదు. కానీ నెమ్మదిగా పోయినవాడు ఆ దూరం మీద ఎక్కువసేపు ఉంటాడు. వేగం అనేది గంటకి ఇంత అని చెప్పే మాట, అందుకే అది గంటల లెక్కనే వింటుంది, కిలోమీటర్ల లెక్క వినదు. సమాన దూరాలు రెండు వేరు వేరు వేగాలతో పోతే సగటు ఎప్పుడూ నెమ్మది వేగం వైపే కాస్త ఒరుగుతుంది. ఎప్పుడైనా సరిగ్గా మధ్యలో వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశారని అనుమానించండి.

మరి రెండూ కలిపి సగం చేయడం ఎప్పుడూ తప్పేనా? కాదు. అదే కుర్రాడు ఆదివారం ఊరికే తిరగడానికి పోయి, అరగంట 12 వేగంతో, ఇంకో అరగంట 6 వేగంతో తొక్కాడనుకోండి. ఒక్కో వేగానికి ఒక్కో గడి. 6 కిలోమీటర్లు, 3 కిలోమీటర్లు, మొత్తం 9 కిలోమీటర్లు, గంటలో. ఇక్కడ సగటు 9 ముమ్మాటికీ సరైనదే. అందుకే ప్రశ్న చదివేటప్పుడు "సగం దూరం" అన్నాడా, "సగం సమయం" అన్నాడా అని పెన్సిలుతో గీత గీసుకోండి. ఒక్క మాట మారితే సమాధానం మారిపోతుంది. పేపరు తయారుచేసేవాళ్ళం మేమూ సరిగ్గా అక్కడే గుంత తవ్వుతాం, దాచడమెందుకు. (నవ్వులు.)

ఇంకో ఇబ్బంది. కొన్ని ప్రశ్నల్లో దూరమే ఇవ్వరు. "ఒక బస్సు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్ళి, 40 కి.మీ. వేగంతో తిరిగి వచ్చింది, సగటు వేగమెంత" అంటారు. దూరం లేదని టెన్షన్ పడి చాలామంది వెంటనే 50 అని రాసేస్తారు. దూరం ఇవ్వకపోతే మీరే పెట్టుకోండి. ఎంతైనా పెట్టుకోవచ్చు, సమాధానం మారదు. మరి ఎంతైనా పెట్టుకోవచ్చు అన్నప్పుడు కష్టమైనది ఎందుకు? 60తోనూ 40తోనూ భాగించబడేది పెట్టుకోండి, వాటి క.సా.గు. 120. పోవడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. 240 కిలోమీటర్లు, 5 గంటలు. 48. నమ్మకం లేకపోతే 240 పెట్టి చేయండి, అప్పుడు 480 కిలోమీటర్లు, 10 గంటలు. మళ్ళీ 48. దూరం రెట్టింపైతే కాలమూ రెట్టింపవుతుంది, భాగించేసరికి రెండూ పోతాయి.

దీనికి ట్యూషన్లో ఒక సూత్రం చెప్పి ఉంటారు. 2ab ÷ (a + b). తెలిసినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సూత్రం మంచిదే, 2 × 60 × 40 = 4800, దాన్ని 100తో భాగిస్తే 48. కానీ అది రెండు దూరాలూ సమానమైనప్పుడు మాత్రమే పనిచేస్తుంది, ఆ సంగతి మాత్రం చెప్పినవాళ్ళు చెప్పినా విన్నవాళ్ళు మరిచిపోతారు. మన కొండ లెక్కకే ఆ సూత్రం వేసి చూడండి. 38.57, 28.5 పెడితే 32.8 వస్తుంది. మనకి అసలు వచ్చింది 32.6. ఎందుకు కలవలేదు? ఎక్కే రోడ్డు 18, దిగే రోడ్డు 19. ఒక్క కిలోమీటరు తేడాకే సూత్రం పక్కకి పోయింది. మొత్తం దూరం, మొత్తం కాలం అనే దారికి ఏ షరతులూ లేవు. నేనైతే సూత్రం గుర్తుపెట్టుకోమని ఎప్పుడూ చెప్పలేదు.

సరే, ఇప్పుడు సైకిల్ అబ్బాయిని ఇంకొంచెం కష్టపెడదాం. ఒక రోజు ఎదురుగాలి పొద్దునే మొదలైంది. బడికి వచ్చేటప్పుడే గంటకి 6 కిలోమీటర్ల వేగంతో వచ్చాడు. 6 కిలోమీటర్లు, గంట పట్టింది. పోనూ రానూ కలిపి సగటు 12 చేయాలని పంతం పట్టాడు. తిరిగి పోయేటప్పుడు ఎంత వేగంతో తొక్కాలి?

(విద్యార్థులు: 18!)

18. ఎందుకంటే 6, 18 కలిపి సగం చేస్తే 12. గళ్ళ పట్టీ అప్పుడే మరిచిపోయారా? 18 వేగంతో 6 కిలోమీటర్లకి 20 నిమిషాలు. మొత్తం 12 కిలోమీటర్లకి గంటా ఇరవై నిమిషాలు. 80కి ముప్పావు వంతు 60, 12కి ముప్పావు వంతు 9, కాబట్టి 80 నిమిషాల్లో 12 అంటే గంటలో 9. 12 రాలేదు. మరి ఎంత తొక్కాలి? 24? 60? ఒక్క క్షణం ఆగి, చివర నుంచి వెనక్కి ఆలోచించండి. మొత్తం దూరం 12 కిలోమీటర్లు. సగటు 12 కావాలంటే మొత్తం కాలం ఒక గంటే ఉండాలి. పొద్దున ఎంత ఖర్చయింది?

(ఒక విద్యార్థిని: గంట అయిపోయింది సార్!)

అయిపోయింది. తిరిగి పోవడానికి ఒక్క సెకను కూడా మిగల్లేదు. విమానం ఎక్కినా సగటు 12 రాదు. అడిగిన ప్రతి లెక్కకీ సమాధానం ఉంటుందని అనుకుంటాం కదా, దీనికి లేదు. పోనీ సగటు 10 చాలు అన్నాడనుకోండి. 12 కిలోమీటర్లకి 10 వేగంతో 72 నిమిషాలు. గంట పోగా 12 నిమిషాలు మిగిలాయి. 12 నిమిషాల్లో 6 కిలోమీటర్లు, అంటే గంటకి 30. ఎగుడులో సైకిల్ మీద 30! బస్సు అందుకోవాల్సిందే. ఒకసారి నెమ్మదిగా పోగొట్టుకున్న కాలాన్ని తర్వాత వేగంతో తిరిగి తెచ్చుకోవడం మనం అనుకున్నంత చవక కాదు.

మళ్ళీ కొండ మీదికి పోదాం, ఈ రసీదు సంగతి ఇంకా పూర్తి కాలేదు. ఆ రోజు మా బండి డ్రైవరు మంచివాడేగానీ తొందర మనిషి. మలుపుల్లో మా ఆవిడ కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అంటూనే ఉంది. పైన గేటు ఇంకొంచెం దూరం ఉందనగా బండి పక్కకి తీసి ఆపేశాడు. ఏం నాయనా అంటే, "టైము కాలేదు సార్, ఇంకా ఆరు నిమిషాలుంది" అన్నాడు. ఫోను చూసుకుంటూ కూర్చుని, సరిగ్గా 28 నిమిషాలు కాగానే గేటు దాటించాడు.

రసీదు ప్రకారం అతని సగటు వేగం 38.6, తప్పేమీ లేదు. నిజంగా బండి కదిలింది 22 నిమిషాలే. 18 × 60 ÷ 22 వేయండి. 49 దాటుతుంది. ఆగి ఉన్న కాలం కూడా మొత్తం కాలంలో కలిసిపోతుంది, అందుకే సగటు పడిపోయింది. పరీక్షలో కూడా "దారిలో 20 నిమిషాలు ఆగింది" అని ఇచ్చి సగటు వేగం అడిగితే ఆ ఇరవై కలపాల్సిందే.

ఇందులో నాకు బాగా నచ్చే మెలిక ఒకటుంది. ఒకవేళ అతను ఆగకుండా 22 నిమిషాలకే గేటు చేరాడనుకోండి. అప్పుడు గేటు ఆయన అతన్ని ఒక్క మాటతో పట్టుకోవచ్చు. దారి మొత్తం 49 కంటే తక్కువ వేగంతో వచ్చి ఉంటే 22 నిమిషాల్లో 18 కిలోమీటర్లు రావడం కుదరదు. కాబట్టి ఎక్కడో ఒకచోట 49 కైనా వెళ్ళి తీరాడు. ఎవరూ చూడకపోయినా అది రుజువైనట్టే. కానీ అతను 28 నిమిషాలకి చేరితే? స్పీడుగా వచ్చాడనీ రుజువు కాదు, రాలేదనీ రుజువు కాదు. బుద్ధిగా 38.6తో వచ్చి ఉండొచ్చు, లేదా 60తో వచ్చి పక్కన నిలబడి ఉండొచ్చు. సగటు ఎక్కువైతే సాక్ష్యం చెబుతుంది, తక్కువైతే నోరు విప్పదు.

టైము అయిపోయిందని మీ హెడ్మాస్టరుగారు గడియారం చూపిస్తున్నారు. ఎవరైనా ఏదైనా అడుగుతారా?

(ఒక విద్యార్థిని: సార్, మా నాయనమ్మ నడిచి ఎక్కి బస్సులో దిగుతుంది. ఆమె సగటు వేగం ఎంత?)

ఓహో, మంచి లెక్క ఇచ్చావు. అలిపిరి మెట్ల దారేనా? 3550 మెట్లు, దారి సుమారు 9 కిలోమీటర్లు. ఎంతసేపట్లో ఎక్కుతుంది?

(విద్యార్థిని: మూడు గంటలు సార్.)

గట్టి మనిషే! అంటే గంటకి 3 కిలోమీటర్లు. బస్సు 40 నిమిషాల్లో 19 కిలోమీటర్లు దింపింది, అది 28.5. కలిపి సగం చేస్తే 15.75 వస్తుంది, ఆ వేగంతో మీ నాయనమ్మ పరిగెత్తినట్టే! (నవ్వులు.) నువ్వే వేసి చెప్పు. మొత్తం దూరం?

(విద్యార్థిని: 28 కిలోమీటర్లు.)

మొత్తం కాలం? నిమిషాల్లో చెప్పు.

(విద్యార్థిని: 180, 40… 220 నిమిషాలు. 28 × 60 = 1680. 220తో భాగిస్తే… ఏడున్నర పైన సార్. 7.6.)

ఇప్పుడు ఆ 7.6ని మూడు గంటలా నలభై నిమిషాలతో గుణించి చూడు, ఇంచుమించు 28 వస్తుందో లేదో. 3.40 అని మాత్రం పెట్టకు.